గేదె నోట్లో కొంగు

పాండురంగయ్య మగ్గం దగ్గర కూర్చుంటే మునీశ్వరుడు. స్కూటర్ ఎక్కితే మాత్రం మనిషి కాడు. పక్కింటివాణ్ణి కాబట్టి ముప్పై ఏళ్లుగా రెండూ చూస్తున్నాను. తెగిన పోగును ఓపిగ్గా ముడివేసే ఆ చేతులే, రోడ్డు మీద ముందు ఏది కనిపించినా హారన్ మీద పడతాయి. ఎద్దుబండిని దాటబోయి రెండుసార్లు పంటకాలవలో దిగాడు. రెండుసార్లూ తప్పు ఎడ్లదేనన్నాడు.

వెనక కూర్చునే భార్య చౌడేశ్వరే ఆయనకు అసలు బ్రేకు. ఇప్పుడు దాటకూడదు అనిపిస్తే నడుం మీద గిల్లుతుంది.

ఆ రోజు విజయవాడలో చేనేత పోటీ. పదకొండు లోపల చీర అప్పగించాలి, నిమిషం దాటితే తీసుకోరు. నాలుగు నెలలు ఇద్దరూ కలిసి నేసిన చీర. కొంగు మీది నెమళ్లు పూర్తిగా ఆవిడ పనే, వాటి కోసం కళ్లు మండేదాకా కూర్చుంది. చీర బిగువుగా కనిపించాలని పాండురంగయ్య గంజి మాత్రం రెండింతలు పట్టించాడు. అంత వద్దని నేనూ చెప్పాను. పెద్దవాళ్ల మాట వినే రకమా?

హనుమాన్ జంక్షన్ దాకా స్కూటర్, అక్కణ్ణించి బస్సు అనుకున్నారు. కాలవ గట్టు ఎక్కగానే వరిగడ్డి ట్రాక్టర్ అడ్డం వచ్చింది. గడ్డి రెండు పక్కలా వేలాడుతోంది, డ్రైవర్‌కి వెనక ఏముందో కనిపించే వీల్లేదు. తూము దగ్గర మలుపులోనే దాటేద్దామనుకున్నాడు ఈయన. గిల్లు పడింది. దుమ్ము తింటూ వెనకే వెళ్లాడు. మలుపు తిరిగి రోడ్డు తిన్నగా అయ్యాక, ఎదురుగా ఏమీ రావడం లేదనీ ట్రాక్టర్ కుడిపక్క పొలంలోకి తిరిగే దారి కూడా లేదనీ చూసుకుని, కాస్త కుడికి జరిగి ఒక్కసారి హారన్ కొట్టాడు. డ్రైవర్ తిరిగి చూసి, ఎడమకు ఒదిగి, చెయ్యి ఊపాడు. అప్పుడు దాటాడు. అంత పద్ధతిగా దాటడం ఆయన జన్మలో అదే మొదలు. కానీ పది నిమిషాలు పోయాయని లోపల ఉడికిపోయాడు.

ఆ ఉడుకు మీద ఉండగానే, గట్టు పక్క పాకలో ఉండే ఆదెమ్మ తోలుకెళ్తున్న గేదెలు అడ్డం వచ్చాయి. ఇరవై దాకా ఉంటాయి, రోడ్డు నిండా వీళ్లు వెళ్లే దిక్కుకే నడుస్తున్నాయి. ఆదెమ్మ కర్ర అడ్డంగా పట్టుకుంది. అలా పట్టుకుంటే ఆగాలి, హారన్ కొట్టకూడదు, ఆవిడ గేదెల్ని పక్కకు తోలి కర్ర దించాక నెమ్మదిగా వెళ్లాలి. ఆ గట్టు మీద తిరిగే పిల్లికి కూడా తెలుసు. పాండురంగయ్య హారన్ నొక్కిపెట్టి మధ్యలో దూరాడు. చౌడేశ్వరి గిల్లిన గిల్లుకు నడుం కమిలింది, అయినా ఆగలేదు.

గేదెలు బెదిరి అటూ ఇటూ తోసుకుని, మళ్లీ దగ్గరికి చేరాయి. స్కూటర్ వాటి మధ్య ఇరుక్కుని ఆగిపోయింది. ఒక పెద్ద గేదె చౌడేశ్వరి చంకలోని మూటను వాసన చూసింది. గంజి అంటే దానికి కుడితితో సమానం. మూటలోంచి చీర కొంగు లాగి నోట్లో పెట్టుకుని, తన దారిన తాను నడిచింది.

"లాగొద్దమ్మా, చిరుగుద్ది," అంది ఆదెమ్మ. "ముందు మా పాక ఉంది. కుడితి పెడితే అదే వదిలేసుద్ది."

"మాకు పదకొండుకి పోటీ ఉందండీ," అన్నాడు పాండురంగయ్య.

"దానికి లేదు గదండీ."

అలా ఊరేగింపు బయల్దేరింది. ముందు కొంగు నములుతూ గేదె, దాని పక్కన మిగతా చీరను పసిబిడ్డలా పొదువుకుని చౌడేశ్వరి, అందరికన్నా వెనక స్కూటర్ తోసుకుంటూ పాండురంగయ్య. కాసేపటికి ఇందాకటి గడ్డి ట్రాక్టర్ వచ్చింది. డ్రైవర్ హారన్ కొట్టకుండా దూరంగానే ఆగాడు. ఆదెమ్మ గేదెల్ని ఒక పక్కకు తోలి కర్ర దించాక, నడక వేగంతో దాటుతూ, నిదానంగా రండి అని ఈయనకు చెప్పి మరీ వెళ్లాడు.

పాక దగ్గర కుడితి పెట్టాక గానీ గేదె కొంగు వదల్లేదు. విజయవాడలో చీరలు తీసుకునే గది చేరేసరికి పదకొండూ పదమూడు. తలుపు వేసేశారు. చౌడేశ్వరి మెట్ల మీద కూర్చుని చీర విప్పి చూసుకుంది. రెండు నెమళ్లకు తలల్లేవు.

"ఆ గేదె చూసినంతసేపన్నా నా నెమళ్లని ఎవరూ చూళ్లేదండీ," అంది.

పాండురంగయ్య ఆ మెట్ల మీదే, జనం చూస్తుండగా ఏడ్చాడు. ఆయన ఏడవడం నేనైతే ఎన్నడూ చూడలేదు, ఆ రోజు ఏడ్చానని ఆయనే చెప్పాడు.

ఆ చీర ఎవరు కొంటారు? స్కూటర్ ఎక్కినప్పుడల్లా ఆవిడే కట్టుకుంటుంది. గిల్లడం మానేసింది. ముందు బండో గేదో కనిపిస్తే, తలలేని నెమళ్ల కొంగు తీసి ఆయన భుజం మీద పెట్టి పట్టుకుంటుంది. హారన్ మీది వేలు దానంతట అదే దిగిపోతుంది.