అత్తింటి గుండిగకు కలాయి

గద్వాలలో మా ఇంట్లో పెద్ద వంటకు పనికొచ్చే పాత్ర ఒకటే ఉండేది. అది రాగి గుండిగ, మా నాయనమ్మ తెచ్చుకున్నది. యుద్ధం నడుస్తున్న రోజులు, లోహాలకు కరువు. మా అక్క కొడుకును తొట్టెలలో వేసే వేడుకకు అయిజ నుంచి ఆమె అత్తగారి వాళ్లు మధ్యాహ్నానికల్లా వస్తున్నారు. నాకు పెళ్లయి అప్పటికి రెండు నెలలు.

నా భార్యది ఇటిక్యాల పక్క పల్లె. వాళ్లింట్లో వంట మట్టి కుండల్లో, నీళ్లు రాగి బిందెల్లో. ఆ బిందెలను చింతపండుతో తోమి అద్దంలా ఉంచడం ఆమెకు అలవాటు. ముందు రోజు సాయంత్రం గుండిగ లోపలి బూడిద రంగు చూసి, ఏళ్ల నాటి మురికి అనుకుంది. ఇటుక పొడి, చింతపండు, కొబ్బరి పీచు పట్టుకుని కూర్చుంది. అది తగరం పూత, కలాయి; అప్పటికే పలచబడి ఉందేమో, చీకటి పడేలోపు లోపలంతా ఎర్రగా మెరిసింది. మరునాటి పులుసుకు చింతపండును అందులోనే నానబోసింది.

పొద్దున అమ్మ వేలు ముంచి నాలుకకు రాసుకుని తుపుక్కున ఉమ్మింది.

"ఏందే పిల్లా ఇది? ఇంత కనరు! గిన్నెల కలాయి ఏది?"

చింతపండు రసం అంచు వెంట పలచని ఆకుపచ్చ గీత కనిపించింది. నా భార్య ముఖం పాలిపోయింది.

"మురికి అనుకున్న అత్తమ్మా. చింతపండుతోనే కదా రాగి మెరిసేది. దాంట్ల నానబెడితే ఏమైతదనుకున్న."

"ఎందుకు మెరుస్తదో తెల్సా? పైన పట్టిన నలుపును పులుపు కరిగిస్తది. తోమి కడిగేస్తవు, నీళ్లల్ల పోతది. రాత్రంతా నానబెడితే రాగి ఆ రసంలకే దిగుతది. అది తిని అయిజోళ్లంతా కక్కుకుంటే, మీ వదిన ఆ ఇంట్ల ఏం ముఖం పెట్టుకుంటది?"

"మరి బిందెలకు కలాయి లేదు కదా?"

"నీళ్లు పుల్లగుంటయా? పులుసు, మజ్జిగ, నిమ్మకాయ పడేదానికే కలాయి. ఇత్తడికైనా గంతే."

అమ్మ ఆ రసాన్ని పెరట్లో పారబోసింది. నా భార్య గోడవైపు తిరిగి నన్ను మెల్లగా అడిగింది, "నన్ను మా అమ్మగారింటికి పంపిస్తరా?" గుండిగ ఎత్తుకుని కలాయి సాయిబు ఇంటికి పరుగెత్తాను.

ఆయన పాత్ర లోపల చూసి నవ్వాడు. "అరె, దీన్ని ఎవరు చెక్కిండ్రు? తగరం యాడ దొరుకుతుంది నాయనా ఈ దినాలల్ల? ఒక్క కడ్డీ ఉంది." అయినా సంగతి విని, నా పరేషాన్ చూసి తిత్తి, బొగ్గులు భుజాన వేసుకుని వచ్చాడు.

మా వాకిట్లో చిన్న గుంట తీసి నిప్పు రాజేశాడు. కడ్డీ బయటికి తీయగానే అమ్మ అడ్డుపడింది.

"సాయిబూ, సీసం కలిపినవా? వంచి వినిపియ్యి."

"నువ్వు ఇన్నేండ్లయినా నన్ను నమ్మవమ్మా!" అంటూనే అమ్మ చెవి దగ్గర కడ్డీ వంచాడు. సన్నగా కరకరమంది. స్వచ్ఛమైన తగరమే అలా పలుకుతుంది. సీసం ఎక్కువైతే మూగబోతుంది. అమ్మ తల ఊపింది.

గుండిగ కాగాక, తగరం అంటుకునేందుకు నవసాగరం పొడి చల్లాడు. తెల్లటి పొగ లేచి అందరం దగ్గాం. కడ్డీ తాకించగానే తగరం కరిగి జారింది. దూది ఉండతో దాన్ని అంచు నుంచి అడుగు దాకా తుడిచాడు. చూస్తుండగానే ఎరుపంతా వెన్నెల రంగులోకి మారిపోయింది. ఆ పొగ ఘాటు ఇప్పటికీ నా ముక్కుల్లో ఉంది. కలాయి పోసేవాళ్ల కేక వీధుల్లో వినపడక ఎన్నేళ్లయిందో.

నా భార్య తలుపు వెనక నిలబడి ఉంది. సాయిబు అటు చూసి గొంతు పెంచాడు. "అమ్మా, నీ కోడల్ని నాకు జర అరువియ్యి. పాత కలాయి గీకనీకె నాకు పూట పడ్తది. ఈ పిల్ల ఒక్క సందెలనే చేసింది. ఊరి కోడండ్లంతా గిట్ల తోమితే నా పిల్లలు రోజూ బిర్యానీ తింటరు!"

అమ్మ కోపంగా ఉండాలని చూసింది కానీ నవ్వు ఆపుకోలేకపోయింది. పక్కింటివాళ్లూ నవ్వారు. తలుపు వెనక నుంచి కూడా చిన్న నవ్వు వినిపించింది.

గుండిగను బూడిదతో, మెత్తటి గుడ్డతో కడిగించి, అమ్మ మళ్లీ చింతపండు తీసింది. వేడినీళ్లలో నానబెట్టి పిసికింది. అయిజ బండ్ల గంటలు వీధి మొగదల వినపడుతుండగా కోడలిని పిలిచింది.

"ఇటు రా. పులుసు నువ్వే కాయి. వాళ్లడిగితే మా కోడలు చేసిందని చెప్త."

నా భార్య కొంగు నడుముకు దోపుకుని పొయ్యి ముందు కూర్చుంది.