మూడు చుక్కల వెనక

యోగా వీడియోలకు పేర్లు పెట్టడం నా పని అని చెబితే జనం నవ్వుతారు. అదీ ఒక పనేనా అన్నట్టు చూస్తారు. కొన్నాళ్లు నేనూ అలాగే చూశాను, ఏ వీడియో పేరు మీదా పది నిమిషాలకు మించి బుర్ర పెట్టలేదు. ఇప్పుడా పది నిమిషాలు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తెనాలిలో నాకో చిన్న మిక్సింగ్ షాపు ఉంది. పెళ్లి వీడియోలు కత్తిరించి, అతికించి, పాటలు వేసి ఇస్తాను. బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు మాకు డ్రిల్లు చెప్పిన మాస్టారు రిటైరయ్యాక యోగా నేర్పడం మొదలుపెట్టారు. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరే, నా క్లాసులు వీడియో తీసి ఫోన్లోకి ఎక్కించాలి, నువ్వు రా" అన్నారు. బెత్తం పట్టుకుని మమ్మల్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించిన మనిషి పిలిస్తే కుదరదని ఎవడంటాడు? ఆదివారం ఆదివారం రైలెక్కి వెళ్లేవాణ్ణి. ఆయన మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన, నీలం చాప మీద తెల్ల పైజామా వేసుకుని చేసేవారు. నేను తీసేవాణ్ణి. తెనాలి వచ్చి సరిచేసి, పేరు పెట్టి ఎక్కించేవాణ్ణి. చూసినవాళ్లు కింద రాసే మాటలకు జవాబులు ఇవ్వడం కూడా నా పనే. మాస్టారికి ఫోన్లో టైపు చెయ్యడం రాదు.

పేరు విషయంలో ఆయనకో పట్టింపు ఉంది. ప్రతి పేరూ "శ్రీ గురుభ్యో నమః"తో మొదలవ్వాలి. తర్వాత "సర్వే జనాః సుఖినో భవంతు". తర్వాత "నిత్య యోగ సాధన". అవన్నీ అయ్యాక అసలు సంగతి రావాలి: ఎన్ని నిమిషాలు, కొత్తవాళ్లకా పాతవాళ్లకా, దేనికోసం. పరీక్ష పేపరు మీద ముందు శ్రీకారం చుట్టి ఆ తర్వాతే జవాబు రాసిన తరం ఆయనది. నాకూ తప్పనిపించలేదు. దేవుడి పేరు ముందుంటే ఎవరికి నష్టం?

షాపులో నా కంప్యూటర్ తెర గోడంత ఉంటుంది. దాని మీద పేరు మొత్తం కనిపించేది. "శ్రీ గురుభ్యో నమః – సర్వే జనాః సుఖినో భవంతు – నిత్య యోగ సాధన – ముప్పై నిమిషాలు – మొదటిసారి చేసేవాళ్లకి – నడుము నొప్పికి." ఎంత వివరంగా పెట్టానో అని మురిసిపోయేవాణ్ణి. ఫోన్లో రెండు వరుసలు దాటితే మిగతాది పోతుందని, దాని బదులు మూడు చుక్కలు వస్తాయని నాకు తెలియక కాదు. తెలుసు. పెళ్లి వీడియోలకి పేరు ఎవరు చూస్తారని ఏనాడూ పట్టించుకోలేదు, ఇక్కడా అదే అలవాటు. జనం చూసేది ఫోన్లో. ఫోన్లో మా వీడియోలన్నీ ఒకటే పేరు. ఒకటే మాస్టారు, ఒకటే నీలం చాప, ఒకటే నీళ్ల ట్యాంకు. ఏది ఎవరికోసమో చెప్పే ముక్క ప్రతిదానిలోనూ చుక్కల వెనక దాక్కుని ఉంది.

మా అక్కది రేపల్లె. నగరం మండలంలో ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరు. మా బావ పోయి చాలా ఏళ్లయింది, కూతురు హైదరాబాదులో ఉద్యోగం. అక్క రోజూ బస్సులో వెళ్లి, పొద్దుట్నుంచీ మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలతో నేల మీద కూర్చుని, వాళ్లని ఒళ్లో వేసుకుని, పాటలు పాడి, అన్నం పెట్టి, సాయంత్రానికి ఇల్లు చేరేది. కుర్చీ వేసుకోవే అంటే, "కుర్చీలో కూర్చుంటే పిల్లలకి నా మోకాళ్లు కనపడతాయి గానీ మొహం కనపడదురా" అనేది. ఆ నేల మీద కూర్చోవడంతోనే కాబోలు, రెండేళ్లుగా నడుం నొప్పి. డాక్టరు మాత్రలిచ్చి వంగొద్దన్నాడు. చంటిపిల్లల మధ్య వంగకుండా ఉండేదెవరు?

నేనే చెప్పాను. "మాస్టారి వీడియోలున్నాయిగా అక్కా. నడుం నొప్పికి కూడా ఒకటి తీశాం. చూసి చేసుకో." అంతే చెప్పాను. ఆ వీడియో నేనే పంపి ఉండాల్సింది. ఒక్క నిమిషం పని. షాపులో పెళ్లి ముహూర్తాల గొడవ, రాత్రికి పంపుదాంలే అనుకున్నాను, మర్చిపోయాను. తనే వెతుక్కుంటుందిలే, పేర్లలో అన్నీ రాశాంగా అని సర్దిచెప్పుకున్నాను.

అక్క వెతికింది. అన్నీ ఒకేలా కనిపించాయి. తేడా కనిపించింది ఒక్కటే. బొమ్మ మూలన చిన్న అంకెల్లో వీడియో ఎంతసేపో ఉంటుంది. ఒకటి నలభై నిమిషాలు, ఒకటి ముప్పై, ఒకటి పన్నెండు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏం చేస్తారో అదే చేసింది. చిన్నదైతే తేలిగ్గా ఉంటుందనుకుంది. పైగా బస్సుకి టైమవుతోంది. పన్నెండు నిమిషాలది పెట్టుకుంది.

అది పన్నెండు నిమిషాల్లో పన్నెండు సూర్య నమస్కారాలు. ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు, టైము లేని రోజున ఆగకుండా చేసుకోవడానికి తీసింది. ప్రతి నిమిషానికీ మోకాళ్లు వంచకుండా ముందుకి వంగి అరచేతులు నేలకానించాలి, అదీ రెండేసి సార్లు. అసలు అక్కకి కావాల్సింది ముప్పై నిమిషాలది. అందులో వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఊపిరి తీసుకోవడంతోనే పది నిమిషాలు గడుస్తాయి. కాలు కదిపితే మళ్లీ విశ్రాంతి. ముందుకి వంగే ఆసనం ఒక్కటీ ఉండదు. మెల్లగా చెప్పాలి కాబట్టి అది పెద్దదయింది. తేలికైనది పెద్దది, కష్టమైనది చిన్నది. ఈ సంగతి మాస్టారికి తెలుసు, నాకు తెలుసు. చుక్కల ఇవతల ఉన్న అక్కకి ఎలా తెలుస్తుంది?

మూడు రోజులు చేసింది. నొప్పి పెరిగితే మొదట్లో అలాగే ఉంటుందనుకుంది. నాలుగో రోజు ముందుకి వంగినప్పుడు నడుములో ఏదో పట్టేసి, ఎడమ కాలు చివరిదాకా మంట పుట్టింది. పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే నేను తెనాలి నుంచి కారు కట్టించుకుని వెళ్లాను. చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. ఫోన్లో వీడియో అయిపోయి మళ్లీ మళ్లీ మొదటికొస్తూ, మా మాస్టారు ఇంకా నమస్కారాలు చేస్తూనే ఉన్నారు, ఆపినవాళ్లు లేరు.

గుంటూరులో ఆపరేషన్ చేశారు. డిస్కు నరాన్ని బాగా నొక్కేసిందన్నారు. "ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే కావచ్చు, వంగడం వల్లేనని కచ్చితంగా చెప్పలేం" అని డాక్టరు మంచి మనసుతో అన్నాడు. నేను ఆ మాట పట్టుకుని నిద్రపోదామని చూశాను, కుదరలేదు. నొప్పి తగ్గింది గానీ ఎడమ పాదం పైకి లేవలేదు. నెలలు గడిచినా లేవలేదు. నడుస్తుంటే వేళ్లు నేలకి రాసుకుంటాయి. నేల మీద కూర్చోవడం ఇక కుదరదన్నారు.

బాపట్ల వెళ్లి మాస్టారి మీద అరిచాను. జన్మలో మొదటిసారి. "మీ గురువుగారికి దణ్ణం పెట్టడానికే రెండు వరుసలూ సరిపోయాయి సార్. మా అక్క చదవాల్సింది చదవడానికి చోటు లేకపోయింది." ఆయన నీలం చాప చుట్టి ట్యాంకుకి ఆనించారు. తర్వాత, "గ్రౌండులో ఎవడు కొత్తో, ఎవడికి కాలు నొప్పో నడక చూసి పట్టేవాణ్ణిరా. వరసలోంచి బయటికి లాగేవాణ్ణి. ఫోన్లో నాకెవరు కనపడతార్రా?" అన్నారు. "నీకు తోచినట్టు మార్చెయ్. గురువుగారు ఏమీ అనుకోరు." పాపం, ఆయన మీద అరిచినందుకు మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. ఆయన ఫోన్ చూడరు. చూసేవాణ్ణి నేను.

ఆ రాత్రే షాపులో కూర్చుని ఒక్కొక్కటీ మార్చడం మొదలుపెట్టాను. ఈసారి ఫోన్ ఎదురుగా పెట్టుకుని. "కొత్తవాళ్లకి – 30 నిమిషాలు – నడుము నొప్పికి, పడుకుని." "రోజూ చేసేవాళ్లకే – 12 నిమిషాలు – వేగంగా సూర్య నమస్కారాలు." శ్లోకాలు కిందికి, వివరాల్లోకి పంపాను. ఏ పేరూ చుక్కల దాకా వెళ్లలేదు. ఇంత సులువు.

పన్నెండు నిమిషాల వీడియో దగ్గరికొచ్చినప్పుడు కింద రాసిన మాటలు కూడా చూశాను. మా మేనకోడలి పేరు కనిపించింది. అది కొత్త ఫోన్ కొనుక్కుని పాతది వాళ్లమ్మకిచ్చింది, పేరు మార్చలేదు. "నమస్కారమండి. నాకు నడుం నొప్పి ఉందండి. కొత్తగా మొదలుపెడుతున్నాను. ఇది నేను చెయ్యొచ్చాండి?" అని ఉంది. దాని కింద మా జవాబు. చేతులు జోడించిన బొమ్మ. నేనే పెట్టాను. ఒక్కటీ చదవకుండా, వరసగా అందరికీ ఒకేసారి పెట్టేసేవాణ్ణి, మర్యాదగా ఉంటుందని.

మర్నాడు రేపల్లె వెళ్లాను. అక్క కుర్చీలో కూర్చుని ఉంది. కొత్త పేర్లు చూపించాను. పిల్లలకి చదివి వినిపించినట్టు ఒక్కో మాట విడివిడిగా పైకి చదివింది. "కొత్తవాళ్లకి. ముప్పై నిమిషాలు. నడుము నొప్పికి. పడుకుని." ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"ఇలా ఉంటే ఇదే పెట్టుకునేదాన్నిరా" అంది. కోపం లేదు, ఉన్న మాట చెప్పింది, అంతే.

నేను తల దించుకున్నాను. నా భుజం తట్టింది.

"నీదేం తప్పులేదురా తమ్ముడూ. మీ మాస్టారిని కూడా ఏమీ అనకు. నేను ముందే అడిగాను తెలుసా, చెయ్యొచ్చా అని. అంత పెద్దాయన, నాకు దణ్ణం పెట్టారు. సరే అన్నారనుకున్నాను."

అది పెట్టింది నేనని చెప్పడానికి నోరు తెరిచాను. అక్క ఎడమ కాలు చేత్తో ఎత్తి ఎత్తుపీట మీద పెట్టుకుంది. ఇవాళ్టికీ చెప్పలేదు.