అప్ప రాయించిన మినిట్స్

నాకు మాట ఇచ్చి తప్పిన వాళ్లందరూ గుర్తున్నారు. మర్నాడే వచ్చి ఫ్రిజ్ బాగుచేస్తానని చెప్పి, అందులో పాలు విరిగి వాసన కొట్టేదాకా రాని మెకానిక్ గుర్తున్నాడు. ‘లైన్లో ఉండండి’ అని చెప్పి పాట వినిపిస్తూ నన్ను కూర్చోబెట్టిన గొంతులు కూడా గుర్తున్నాయి. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సరుకు పంపించే పని నాది. లారీ ఆలస్యమైతే ఎవరిని ఎలా నిలదీయాలో బాగా తెలుసు. తిట్టడంలో నా మీద నాకు నమ్మకం ఎక్కువ. కానీ మాట నిలబెట్టించడం తిట్టడం కంటే వేరే విద్య అని నాకు చూపించింది మా అప్ప.

అప్ప అంటే మా అక్క. ఉద్దానంలో, సముద్రం హోరు వినిపించేంత దూరంలో, కొబ్బరి తోట పక్కన ఇల్లు. కిడ్నీలు పాడైన దగ్గర్నుంచి ఇంట్లోనే డయాలసిస్ చేసుకుంటుంది. స్టాండుకు మందునీళ్ల సంచి తగిలించి, పొట్టలో అమర్చిన గొట్టం గుండా లోపలికి పంపిస్తుంది. కొన్ని గంటలు ఉంచాక ఆ నీళ్లను కిందున్న ఖాళీ సంచిలోకి వదిలేసి మళ్లీ కొత్తవి ఎక్కిస్తుంది. రోజుకు ఇన్నిసార్లని డాక్టరు చెప్పిన లెక్క ఎన్నడూ తప్పలేదు. ఆ పని మొదలుపెట్టే ముందు తలుపులు వేస్తుంది, ఫ్యాను ఆపేస్తుంది, మాస్కు కట్టుకుని మోచేతుల దాకా చేతులు కడుక్కుంటుంది. ఆ గదిలోకి వెళ్లడానికి నాకు కూడా అనుమతి లేదు.

సంచుల పెట్టెలు నెలకోసారి కంపెనీ వ్యానులో వస్తాయి. ఒక వానాకాలం అవి రాలేదు. ఫోన్ చేస్తే కస్టమర్ కేర్‌లో ఒకమ్మాయి ‘రేపు తప్పకుండా వస్తాయి సార్’ అంది. మర్నాడు రాలేదు. మళ్లీ ఫోన్ చేస్తే వేరే గొంతు, ‘అలా అని మీకు ఎవరు చెప్పారు సార్?’ అని అడిగింది. ఎవరు చెప్పారో నాకేం తెలుసు? ఆ రోజు పక్క ఊళ్లో ఇదే జబ్బున్న మరో మనిషి దగ్గర సంచులు అప్పు తెచ్చుకున్నాం. వ్యాను తర్వాత వచ్చింది గానీ, ‘ఎవరు చెప్పారు’ అన్న ఆ మాట మాత్రం నాలో అలాగే ఉండిపోయింది.

ఇదిలా ఉండగా టెక్కలిలో ఉంటున్న అప్ప కూతురికి నెలలు నిండుతుంటే డాక్టరు మంచం దిగొద్దని చెప్పింది. అల్లుడి ఉద్యోగం వేరే ఊళ్లో. పురుడు అయ్యేదాకా కూతురి దగ్గరే ఉండాలని అప్ప పట్టుబట్టింది. ఉన్న సంచులు కొన్నాళ్లకే సరిపోతాయి. ఆ తర్వాతి పెట్టెలు టెక్కలికి రావాలి. రాకపోతే అప్ప కూతుర్ని వదిలి వెనక్కి రావాలి, లేదా సంచులు లేకుండా ఉండాలి. రెండోది ఎవరూ పైకి అనలేదు.

అప్ప ఇంటి అరుగు మీద కూర్చుని ఫోన్ స్పీకర్లో పెట్టి కస్టమర్ కేర్‌కి కాల్ చేశాం. అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. వచ్చే సరఫరా టెక్కలి అడ్రసుకు పంపిస్తామంది. డాక్టరు రాసిన రెండు రకాల సంచులూ, ఉన్నవి అయిపోకముందే అందేలా చూస్తామంది. డ్రైవరు బయల్దేరే ముందు ఫోన్ చేస్తాడంది. డాక్టరు చీటీ, కొత్త అడ్రసు రుజువు ఫోటో తీసి పంపమంది.

“మేనకోడలు వాళ్లది రెండో అంతస్తమ్మా. పైకి ఎక్కిస్తారా?” అన్నాను.

“అది కనుక్కుని చెప్తాను సార్.”

నేను ఫోన్ పెట్టేయబోతే అప్ప చెయ్యి పట్టుకుని ఆపింది. “అమ్మా, ఈ మాటలకి నంబరేదైనా ఇత్తారా? నీ పేరేటమ్మా?” అని అడిగింది. ఆ అమ్మాయి పేరూ నంబరూ చెప్పింది. అప్ప ఫోన్ నాకిచ్చి, “ఇప్పుడు మినిట్స్ రాయిరా తమ్ముడా” అంది.

మా చర్చిలో స్త్రీల సమాజానికి అప్ప ఎన్నో ఏళ్లు కార్యదర్శి. అక్కడ కూటం మొదలయ్యేదే కిందటి కూటం మినిట్స్, అంటే అప్పుడు అనుకున్న మాటలు రాసిపెట్టింది, చదివి. ఎవరు ఏం చేస్తామన్నారో చదువుతారు. ‘సవరణలేమైనా ఉన్నాయా?’ అని అడుగుతారు. ఉంటే అప్పటికప్పుడు దిద్దుతారు, లేకపోతే అందరూ సరే అంటారు. ఆ తర్వాత ‘నేనలా అనలేదు’ అనడానికి ఎవరికీ వీలుండదు. ఆ పద్ధతిని కస్టమర్ కేర్ మీద కూడా పెట్టవచ్చని నాకు ఎప్పుడూ తట్టలేదు.

సంచుల పెట్టె మీదున్న కంపెనీ మెయిల్ అడ్రసుకు ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టాను. రాసి, అప్పకి తెలుగులో చదివి వినిపించాను. వానాకాలం సంగతితో మొదలైంది నా మెయిల్. ‘ఎవరు చెప్పారు’ అన్న మనిషిని పెద్ద అక్షరాల్లో గుర్తు చేశాను. వినియోగదారుల కమిషన్ సంగతి కూడా ఎత్తాను. టెక్కలి ఊసు చివరి పేరాలో ఎక్కడో ఉంది.

అప్ప కళ్లు మూసుకుని అంతా విని, “ఇయన్నీ ఇప్పుడు ఫోన్లో అనుకున్నామేటి?” అంది.

“అనుకోలేదు గానీ, వాళ్లకి తెలియాలి కదా.”

“కూటంలో అనని మాట మినిట్స్‌లో రాత్తారా? తీసీ.”

“వానాకాలం సంగతి కూడానా?”

“అదీ తీసీ. ఆ కోపం వేరేగా దాసుకో, నీకు దాసుకోడం బాగా వొచ్చు కదా.”

లోపల మజ్జిగ కలుపుతున్న బావ పకపకా నవ్వాడు. తీసేశాను. ఏ రోజు, ఎవరితో మాట్లాడామో, వాళ్లిచ్చిన నంబరెంతో ముందు రాశాను. తర్వాత అప్ప పేషెంటు నంబరు, టెక్కలి అడ్రసు, రెండు రకాల సంచులు, ఉన్నవి ఏ రోజు దాకా వస్తాయో రాశాను. పెట్టెలు మేడ మీదకి ఎక్కించడానికి ఒప్పుకున్నారని రాసి చదవగానే అప్ప కళ్లు తెరిచింది.

“ఆ పిల్ల కనుక్కుని సెప్తానన్నాది. ఎక్కిత్తామన్నేదు.”

“అన్నట్టే కదే అప్పా. రాసేస్తే వాళ్లే చేస్తారు.”

“ఒక్క అబద్దం దొరికితే మిగతాదంతా అబద్దమే అంతారు. అన్నది అన్నట్టు రాయి. మనం సెయ్యాల్సిందీ రాయి. సీటీ ఫోటో పంపుతామన్నామా నేదా?”

అదీ రాసి, ఫోటోలు జత చేశాను. చివర్లో ఏం రాయాలో అప్పే చెప్పింది. సమాజంలో అడిగినట్టే అడగమంది. ‘ఇందులో ఏదైనా తప్పుంటే సరిచేసి జవాబివ్వండి. లేకపోతే మనం అనుకున్నది ఇదేనని ఉంచుకుంటాం.’ మొత్తం మెయిల్ నా వేలి కింద ఒకే స్క్రీన్లో పట్టింది. నా జన్మలో అంత పొట్టి ఫిర్యాదు రాయలేదు. అసలది ఫిర్యాదే కాదు.

సాయంత్రానికి ఆ అమ్మాయి జవాబిచ్చింది. రాసినవన్నీ సరైనవేననీ, పెట్టెలు మాత్రం కింది అంతస్తు దాకానే దింపుతారనీ, ఈ అడ్రసు మార్పు ఈ ఒక్కసారికేననీ, మళ్లీ కావాలంటే మళ్లీ చెప్పాలనీ రాసింది. నాకు ఒళ్లు మండింది. అప్ప మాత్రం, “సూసేవా, సవరణొచ్చింది. అంటే సదివేరు” అని మురిసిపోయింది.

మిగిలిన పెట్టెలు ఆటోలో వేసుకుని అప్ప టెక్కలి వెళ్లింది. సంచులు తగ్గుతూ వచ్చాయి. పెట్టెలు రావాల్సిన రోజున నేను ఫ్యాక్టరీలో ఉండగా ఫోన్ మోగింది.

“తమ్ముడా, వ్యాను మనూరెల్లిపోయిందిరా. మీ బావ పనికెల్లిపోనాడు, ఇంటికాడ తాళముందని డ్రైవరు ఫోన్ సేసేడు. కాగితంలో పాతడ్రసే ఉన్నాదంట. ఇంకో గంట సూసి డిపోకి తిరిగెల్లిపోతాడంట. మళ్లీ ఇటు వొచ్చేది వొచ్చే వారమేనంట.”

“వారమా? ఆ డ్రైవర్ నంబరివ్వు. ఆడి సంగతి నేను చూస్తాను.”

“డ్రైవరు ఆ కూటంలో నేడురా. ఆడినేటంటావు? కూటంలో ఉన్నోల్లకి మినిట్స్ సూపించు.”

ఇంత జరుగుతుంటే ఆవిడ గొంతు పెరగలేదు. సంచులు ఎన్ని మిగిలాయని అడిగితే రేపు సాయంత్రం దాకా ఉన్నాయంది, ఇంట్లో ఉప్పు ఎంతుందో చెప్పినట్టు. పాత మెయిల్ కిందే, ‘వ్యాను ఈ అడ్రసుకు బదులు పాత ఊరికి వెళ్లింది, ఇంకా అక్కడే ఉంది’ అని రాసి పంపి, ఫోన్ చేశాను. ఈసారి మగ గొంతు. నంబరు చెప్పాను.

“సార్, సిస్టంలో పాత అడ్రసే ఉంది. టెక్కలికి పంపుతామని మీకు ఎవరు చెప్పారు?”

అదే ప్రశ్న. ఇన్నాళ్లుగా నేను దీని కోసమే బతికినట్టనిపించింది. నాలిక మీద చాలా మాటలు వరసకట్టాయి. అప్ప గుర్తొచ్చి అన్నీ మింగేశాను.

“మీరే రాశారండి. ఇప్పుడే మీకు పంపిన మెయిల్లో కిందికి చూడండి. మీ జవాబు కూడా ఉంది.”

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. “ఉంది సార్. మేమే కన్ఫర్మ్ చేశాం. అడ్రసు మార్పు డిపోకి వెళ్లలేదు. లైన్లో ఉండండి” అన్నాడు. ఉన్నాను. పాట విన్నాను. తిరిగి వచ్చి, డిపో వాళ్లు డ్రైవర్‌కి చెప్పారనీ, వ్యాను నేరుగా టెక్కలి వస్తుందనీ చెప్పాడు. అడగకుండానే ఆ మాట మెయిల్లో కూడా రాసి పంపాడు. ఆ మనిషిని నేను తిట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను గానీ, రాసి పంపేవాడు మాత్రం కాదు.

బండి మీద హైవే పట్టుకుని నేను టెక్కలి చేరేసరికి వ్యాను వీధిలో ఉంది. డ్రైవరు పెట్టెలన్నీ కింది వరండాలో వరసగా పేర్చేశాడు. రెండు రకాలూ ఉన్నాయా అని సరిచూశాను. ఉన్నాయి.

“పైకి కూడా ఓ సెయ్యెయ్యి బావూ. ఊరు కాని ఊరు తిప్పేరు మమ్మల్ని” అన్నాను.

“తిరిగింది నేను కదా బావూ” అన్నాడు డ్రైవరు.

మేడ మీద కిటికీ పక్క మంచం మీంచి మేనకోడలు గొంతు వినిపించింది. “మావా, అమ్మ సెప్పమంతంది. కింది దాకానేనని సవరణలో ఉన్నాదంట. ఆడినేటీ అనొద్దంట.”

ఒక్కో పెట్టె భుజాన వేసుకుని నేనే ఎక్కించాను. రెండో అంతస్తులో లోపలి గది తలుపు వేసి ఉంది. లోపల ఫ్యాను చప్పుడు లేదు. అప్ప సంచి మార్చుకుంటోంది. పెట్టెలు గుమ్మం బయట పేర్చి, చెమట తుడుచుకుంటూ మెట్ల మీద కూర్చున్నాను. ముందు గదిలో మంచం మీద పడుకున్న మేనకోడలు నా వాలకం చూసి, పొట్ట పట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. అప్ప మాస్కు తీసి పెట్టెల్ని కళ్లతోనే లెక్కపెట్టింది. ఇంక పురుడయ్యేదాకా ఇక్కణ్నుంచి కదలక్కర్లేదన్న ధీమా ఆవిడ భుజాల్లో కనిపించింది.

“అందేయని రాసీరా. ఆల్లు సేత్తామన్నదే కాదు, సేసింది కూడా ఉండాల. ఆ రెండోసారి ఫోన్లో మాటాడిన బాబుకి థాంక్స్ సెప్పు.”

“వ్యాను మనూరు వెళ్లిన సంగతో?” అని అడిగాను, ఆశగా.

అప్ప చేతిలో మాస్కు మడత పెట్టింది. “అది జరిగింది కదా. రాయి. తిట్టు మాత్రం రాయకు.”

మెట్ల మీదే కూర్చుని రాశాను. వానాకాలం సంగతి రాయలేదు. అది నా ఫోన్లో డ్రాఫ్టుల్లో పడి ఉంది, ఇప్పటికీ.