బొటనవేలు ఉన్న రసీదులు

మా ఆయన పోయిన తర్వాత ఆయన ఫోన్ నా దగ్గరే ఉంది. ఆయన పెన్షన్ కాగితాల కోసం, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీల కోసం ఆ నంబరు బతికుండాలన్నారు. ఒక రోజు అందులో చోటు లేదని, ఏమైనా తీసేస్తే గానీ కొత్త మెసేజ్‌లు రావని చూపించింది. తెరిచి చూస్తే నిండా కాగితాల ఫోటోలే.

వాటికో కారణం ఉంది. ఒక తుఫానులో మా పెంకుటింటి కప్పు లేచిపోయి, ఇనప పెట్టెలోకి నీళ్లు దిగాయి. మా ఆయన, ఆయన అన్నగారు కలిసి తడిసిన కాగితాలను మంచం మీద పరిచి, ఒక్కోదాన్ని చదును చేసి ఫోన్‌తో తీశారు. కాగితం ముడుచుకుపోకుండా అంచులు నొక్కి పట్టుకునేవారు. అందుకే చాలా ఫోటోల మూలల్లో వేళ్లు కనిపిస్తాయి. అసలు కాగితాలు కొన్ని ఆరాక కూడా నిలవలేదు. ఇంకు పెన్నుతో రాసినవి మరీ ముద్దయిపోయాయి. ఆ ముద్దల్లో ఒకటి, మామగారి పొలం అన్నదమ్ములిద్దరూ పంచుకున్నాక ఊరి పెద్దల ఎదుట రాసుకున్న కాగితం. మెట్ట బావగారికి, వంశధార కాలువ కింది పల్లపు మడి మాకు. రిజిస్ట్రేషన్ లేదు. రికార్డుల్లో రెండూ ఇంకా మామగారి పేరు మీదే ఉన్నాయి. సంతకాలు పెట్టిన పెద్దలూ ఒక్కొక్కరే పోయారు. ఆ కాగితం ఫోటోలోనే మిగిలింది.

బావగారు సహకార బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఏ కాగితం ఎన్నాళ్లు ఉంచాలో మా ఇళ్లలో ఆయన్నే అడుగుతాం. కబురు చేస్తే వెంటనే వచ్చారు.

నేను బడిలో పాఠం చెప్పే మనిషిని. అయినా మా ఇంట్లో తమ్ముడి పెళ్లాం బావగారి ఎదురుగా కూర్చోదు. నేనెప్పుడూ కూర్చోలేదు. ఆయన నడవలో కుర్చీలో, నేను వంటింటి గుమ్మం వెనక. ఫోన్ పగడపుటుంగరం ఉన్న ఆయన చేతిలో. అక్క, అంటే ఆయన భార్య, మా ఇద్దరి మధ్యా గడప మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

"కరెంటు బిల్లులు ఎందుకమ్మా ఇన్ని? తరవాతి నెల బిల్లులో బాకీ లేదని వచ్చీసాక పాతది పనికిరాదు. తీసీనా?"

"తీసేయండి."

"ఏటీఎం సీటీలు. పాస్‌బుక్కులో పడిపోయాయి కదా, పోనీ. ఇన్‌కంటాక్స్ కాగితాలు మాత్రం ఉంచు. రిటర్నూ, దానికి ఆధారాలూ ఏడెనిమిదేళ్లు ఉంటే ఏ నోటీసొచ్చినా భయం లేదు. పంట అప్పు తీరిపోయిందని బ్యాంకిచ్చిన కాగితం ఎప్పటికీ తియ్యకు."

"మీ తమ్ముడి ఆధారు, పాన్?" అంది అక్క.

"పెన్షనూ, ఇన్సూరెన్సూ, ఆడి పేరున ఆఖరి రిటర్నూ అయ్యేదాకా ఉంచాలి. అయ్యాక ఫోన్లో పెట్టుకోకూడదు. ఆసుపత్రిలో సేర్సినప్పుడు మన వాట్సాప్ గుంపులో ఎవడో పెట్టీసేడు. అది ముందు తీయించండి. మనిషి పోయినా ఆ కార్డుతో ఎవడైనా ఏటైనా సేస్తాడు. చావు సర్టిఫికెట్టు మాత్రం ఎప్పుడూ ఉండాలి."

అన్నీ సరైన మాటలే. తర్వాత నేను అడిగిన చోటల్లా అందరూ అవే చెప్పారు.

"నీటితీరువా రసీదులున్నాయి. ఎప్పటివో. తీసీమంటావా?"

"ఉండనివ్వండి బావగారూ."

"ఎందుకే?" అంది అక్క.

"వాటిలో ఆయన వేలు పడింది."

అక్క చిక్కుళ్లు ఒలవడం ఆపింది. "ఉంచుకో అమ్మా, ఉంచుకో," అన్నారు బావగారు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. మా ఇద్దరికీ పోయింది ఒకే మనిషి కదా అనుకున్నాను.

వెళ్లేముందు ఫోన్ అక్క చేతికిచ్చారు. "ఒకటే కాగితం రెండుమూడేసి సార్లు తీసేడు ఎర్రోడు. అవి తీసీసేను. సెత్తబుట్ట కూడా ఖాళీ సేసీసేను, లేపోతే సోటు మిగల్దు."

అదీ నిజమే. అందులో ఉన్నంత కాలం చోటు ఖాళీ కాదు. అందులో లేకపోతే తిరిగి తెచ్చుకోవడమూ కుదరదు. ఆయనకు టీ ఇచ్చాను.

కొన్నాళ్లకు మడి నా పేరుకు మార్చమని గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టాను. ఆ మడి కౌలు తప్ప బడి జీతానికి, ఇంకా తేలని పెన్షనుకు తోడు నాకు మరో ఆధారం లేదు. అంతకంటే, ఆయన చివరిదాకా గట్టు మీద నిలబడిన నేల అది. రెవెన్యూ అధికారి ఇద్దరినీ పిలిచారు. బావగారు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు.

"మీ బావగారు అభ్యంతరం పెట్టారమ్మా. పొలం పంచుకోలేదు, అంతా ఉమ్మడే అంటున్నారు. పల్లంలో సగం అడుగుతున్నారు. పంపకాల కాగితమేదైనా ఉందా?"

"ఫోన్లో ఉంది," అన్నాను.

తెరిచాను. ఇన్‌కంటాక్స్ కాగితాలున్నాయి. అప్పు తీరిన కాగితం ఉంది. చావు సర్టిఫికెట్టు ఉంది. ఉంచమన్నవన్నీ ఉంచమన్నట్టే ఉన్నాయి. పైకీ కిందికీ జరుపుతూనే ఉన్నాను. అధికారి గడియారం చూసుకున్నారు.

బావగారు నావైపు చూడకుండా అన్నారు. "కాగితం ఏటమ్మా? మనం పంచుకున్నది ఎప్పుడు?"

పెళ్లయినప్పటినుంచి ఆయన ముఖం సూటిగా చూసింది ఆ రోజే. నేననుకున్నంత కఠినంగా లేదు ఆ ముఖం. మా ఆయన ముఖం లాగే ఉంది.

"మీ చేతికి ఫోనిచ్చాను బావగారూ," అన్నాను.

"పనికిరానివి తీసీమన్నావు. తీసీసేను."

అధికారి మధ్యలోకొచ్చారు. తగాదా ఉంటే పేరు మార్చడం తన చేతిలో లేదని, కోర్టులో తేల్చుకోవాలని, ఎవరి పొలం వాళ్లు వేరుగా అనుభవించినట్టు ఏ రుజువున్నా దాచుకోమని చెప్పారు. "నీటితీరువా ఎవరి పేరున కట్టేరమ్మా?"

కాగితం రాసుకున్నప్పటినుంచి మా ఆయన పల్లానికి తన పేరునే విడిగా కట్టారు. ఆ రసీదుల ఫోటోలు నా దగ్గరున్నాయి.

చీపురుపల్లిలో లాయరు గారు వాటిని ప్రింటు తీసుకురమ్మన్నారు. వీటితోనే గెలుస్తామని చెప్పలేనన్నారు. ఒట్టి చేతులతో వెళ్లడం కంటే మేలన్నారు. స్టేషను దగ్గర జిరాక్సు కొట్టులో కూర్చున్నాను. కొట్టతను ఒక్కో ఫోటో పెద్దది చేసి తెరమీద చూపిస్తున్నాడు.

"సేతి ఏళ్లు పడిపోయాయి మేడమ్ అన్నిట్లోనూ. అంచులు కోసీసి నీటుగా తీసీమంటారా?"

తెరకు దగ్గరగా జరిగాను. ఎడమ మూల మా ఆయన బొటనవేలు. కొడవలికి తెగిన పాత మచ్చ గోరు పక్కనే ఉంది. ఇన్నాళ్లూ ఆ మూలే చూసుకున్నాను. కుడి మూల మరో వేలు ఉంది. పగడపుటుంగరం కనబడుతోంది. మా ఆయన పేరు, మా మడి సర్వే నంబరు ఆ రెండు వేళ్ల మధ్య స్పష్టంగా ఉన్నాయి. ఆ రోజు కాగితం కదలకుండా ఆయన అన్నగారు ఎంత జాగ్రత్తగా పట్టుకున్నారో, గోరు తెల్లబడింది.

"ఈ పక్కది ఎవలిది మేడమ్? దీన్నైనా కోసీనా?"

"వద్దు," అన్నాను. "రెండూ ఉండాలి."