మూడు పేరాల మెయిలు

ఎలక్ట్రానిక్ సిటీలో నా మొదటి ఉద్యోగం. శనివారం సర్వర్ ఆపాలంటే డైరెక్టర్ అనుమతి కావాలి. ఆయన ఎప్పుడూ ప్రయాణాల్లోనే, మెయిళ్ళన్నీ ఫోన్‌లోనే చూసేవారు. నేను ఇంగ్లీషులో మూడు పేరాలు రాశాను. మొదటిదాంట్లో ఆయన క్షేమం, నా క్షమాపణ. రెండోదాంట్లో సర్వర్ పుట్టుపూర్వోత్తరాలు. అసలు సంగతి మూడోదాని చివర. మా ఇళ్ళకు పనిమీద వచ్చినవాళ్ళూ అంతే, వెళ్తూ చెప్పులు తొడుక్కునేటప్పుడు అసలు పనికి నోరు విప్పుతారు.

మా టీమ్ లీడ్ ఈ ఊళ్ళోనే కాటన్‌పేటలో పుట్టి పెరిగిన ఆవిడ. పంపేముందు చూపిస్తే చదివి, "అడిగేది యాడుండాదప్పా?" అంది. నాకు ఒళ్ళు మండింది. మర్యాద తెలియని మనిషి అనుకున్నాను.

పక్కన కూర్చుని తనే కోసింది. సబ్జెక్టులోనే అనుమతి సంగతి పెట్టింది. లోపల ఇంతే మిగిలింది: "నమస్కారం సార్. శనివారం ఉదయం ఆరు నుంచి పది దాకా సర్వర్ ఆపడానికి మీ అనుమతి కావాలి. గురువారంలోగా చెబితే కస్టమర్లకు ముందే తెలియజేస్తాం. వివరాలు జతచేశాను." కింద తనే ఒకటి చేర్చింది: "పోయిన వారం మాకు ఇద్దరు మనుషుల్ని ఇచ్చినందుకు థ్యాంక్స్."

"ఇది నిజం కదా, ఉండనీ" అంది.

పది నిమిషాల్లో ఆయన జవాబిచ్చారు: "సరే, చేయండి."

ఆవిడ ఉద్యోగం మానేసిన రోజు ఆవిడకు మళ్ళీ మూడు పేరాలు రాశాను. కోసి కోసి రెండు లైన్లు పంపాను: "రాయడం మీ దగ్గరే నేర్చుకున్నాను. ఆ రోజు మీమీద కోపం తెచ్చుకున్నందుకు క్షమించండి."

వెంటనే జవాబు వచ్చింది: "మొదటి లైను చాలప్పా."