నాన్న రాయించిన అవును

మా నాన్న బంగారు గనిలో మందు తూటాలతో రాయిని పేల్చే పని చేశారు. గని మూతపడి ఇరవై ఏళ్లు దాటినా కోరమండల్ లైన్లలో, అంటే మా గని కార్మికుల ఇళ్ల వరసల్లో, ఆయన్ని బ్లాస్టర్ అనే పిలిచేవారు. ఆ పిలుపు వింటే ఆయన నడక కాస్త నిటారయ్యేది.

నాన్నకు అమెరికాలో ఒక అక్క ఉంది. చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆమే. నర్సుగా వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు అత్తకు మతిమరుపు జబ్బు వచ్చిందనీ, తెలిసిన ముఖాలు ఒక్కొక్కటే మరిచిపోతోందనీ ఆమె కూతురు ఫోన్ చేసింది. "మామని మాత్రం ఇంకా గుర్తుపడతా ఉంది. తొందరగా పంపించు" అంది.

వీసా ఫారం కంప్యూటర్లో నేనే నింపాను. ఆయుధాలు, పేలుడు పదార్థాల వంటి వాటిలో శిక్షణ ఉందా అన్న ప్రశ్న వచ్చింది. నేను 'లేదు' నొక్కబోతుంటే నాన్న ఆపారు.

"అవునని కొట్టమ్మా. సర్టిఫికెట్టు ఉండాది కదా."

"అది వాళ్లకి యాడ తెలుస్తుంది నాన్నా?"

"నాకు తెలుసు కదమ్మా."

నా ఒళ్లు మండింది. అయినా 'అవును' నొక్కి, కింద వివరం రాశాను.

చెన్నైలో ఇంటర్వ్యూ ముగించుకుని ఆయన నవ్వుతూ బయటికొచ్చారు. "ఆఫీసరు మంచోడు. మందు ఎట్ల పెడతారు, ఎట్ల పేలుస్తారు అని అన్నీ అడిగినాడు" అన్నారు. చేతిలో పాస్‌పోర్టు, దానితో ఒక కాగితం. ఇంకా పరిశీలన చేయాలి, అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అని అందులో ఉంది. తర్వాత మెయిల్‌లో ప్రశ్నల జాబితా వచ్చింది: గత పదిహేనేళ్లలో ఎక్కడ ఉన్నారు, ఏం పని చేశారు, ఏ దేశాలు తిరిగారు, తోబుట్టువులెవరు, వాడిన ఫోన్ నంబర్లేమిటి. ప్రయాణాల దగ్గర నాన్న, "వేళాంగణి చర్చికి పోయొచ్చింది రాయమ్మా" అన్నారు. అది పరదేశం కాదని నచ్చజెప్పి, మర్నాడే జవాబులు పంపేశాను.

వారం తర్వాత వెబ్‌సైటు తెరిస్తే ఆయన కేసు ఎదురుగా 'రెఫ్యూజ్డ్' అని ఉంది. నా నోటికి అదుపు లేకపోయింది. "నీ సర్టిఫికెట్టే కొంప ముంచింది. ఇంగ కూర్చో" అన్నాను. ఆయన చెప్పులేసుకుని చర్చి వైపు వెళ్లిపోయారు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

బెంగుళూరులో వీసాల పని చేసే నా స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఆమె నిదానంగా చెప్పింది. "అది చివరి మాట కాదే. ప్రాసెసింగ్ నడస్తా ఉన్నా అట్లనే చూపిస్తుంది. వాళ్ల లోపలి తనిఖీలు ముగిసినాక మళ్లీ తేలుస్తారు. కొందరికి వారాల్లో అయిపోతుంది, కొందరికి నెలలు పడుతుంది. ఇన్ని రోజులని ఎవరూ చెప్పలేరు. అడిగినవి పంపించి ఆరు నెలలు కాకముందే ఏమైందని రాస్తే జవాబు పెద్దగా రాదు. టికెట్టు కొనొద్దు. తొందరగా చేయిస్తామనే ఏజెంట్ల జోలికి పోవద్దు."

ఇదంతా చెబితే నాన్న తల ఊపారు. "మందు పెట్టినాం. పేలిందో లేదో తెలీలేదు. అట్లాంటప్పుడు లోపలికి పోరాదమ్మా, టైము చూసుకుని నిలబడాల్సిందే." ఆ ఓర్పు నాకు రాలేదు. ఆయన వారానికి ఒకసారి చూడమనేవారు, నేను రోజుకు నాలుగుసార్లు చూసేదాన్ని.

ప్రతి ఆదివారం అత్తతో వీడియోలో మాట్లాడించేవాళ్లం. రెండో నెలలో "తమ్ముడా, తిన్నావా" అంది. మూడో నెలలో ఆ మాట కోసం వెతుక్కుంది. నాలుగో నెలలో తెరవైపు చూసి "ఎవరమ్మా ఇతను?" అని కూతుర్ని అడిగింది. నాన్న ఫోన్ నా చేతికిచ్చి, కుండీలోని కరివేపాకు మొక్కకు నీళ్లు పోస్తూ చాలాసేపు నిలబడ్డారు. అంతకుముందే నీళ్లు పోసిన మొక్క అది.

ఐదో నెలలో పాస్‌పోర్టు పంపమని మెయిల్ వచ్చింది. బెంగుళూరు వీసా సెంటర్లో ఇచ్చొచ్చాం. కొద్ది రోజులకు వీసా అంటించిన పాస్‌పోర్టు వచ్చింది. ఇంత ఆలస్యమెందుకైందో ఎవరూ చెప్పలేదు. ఆ 'అవును' వల్లేనా అంటే, నాకిప్పటికీ తెలియదు.

నాన్న అక్కడ దిగిన రోజు, అత్త కూతురు వాళ్ల హాలు నాకు కనిపించేలా ఫోన్ పట్టుకుంది. అత్త కుర్చీలో ఉంది. నాన్న ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నారు. నెరిసిన మీసం, గీతలు పడ్డ నుదురు, అచ్చం వాళ్ల నాయనలా, మా తాతలా ఉన్నారు. తాత కూడా గనిలో పనిచేసినవాడే. అత్త చాలాసేపు ఆ ముఖంలోకి చూసింది.

"నాయనా, షిఫ్టు అయిపాయనా?"

నాన్న ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"అయిపాయ బిడ్డా. ఇంగ యాడికీ పోను."