కిందికి దించని సున్నా

నరసరావుపేటలో ఒక మేడమీద గదిలో కూర్చుని, ఎక్కడెక్కడి దేశాల వాళ్ల జీతాలు వాళ్ల ఖాతాల్లో వేసే ప్రోగ్రాం బాగోగులు చూడటం నా ఉద్యోగం. ఆఫీసు బెంగళూరులో ఉంది. దాన్ని నేను చూసింది చేరిన రోజు ఒక్కసారే. టీములోని వాళ్లు నాకు గొంతులుగానే తెలుసు, అదీ మైకులు ఆపేసుకోనప్పుడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోట్లోంచి ఒక్క మాట రాని రోజులుండేవి. దాన్ని ఒంటరితనం అనుకోవడానికి కూడా నాకు ఒళ్లుమండేది. జీతం బాగానే వస్తోందిగా, ఇంకేం కావాలి నీకు అని నన్ను నేనే కసురుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం స్పెయిన్ నుంచి ఒక ఫిర్యాదు, మా ఆఫీసు భాషలో టికెట్, వచ్చింది. నారింజపళ్లు పెట్టెల్లో సర్దే షెడ్డులో పనిచేసే ఆవిడ. కొత్త ఖాతా నంబరు కొడితే మా తెర చెల్లదు పొమ్మంటోంది. సాయంత్రం ఆరులోగా నంబరు ఎక్కకపోతే ఆమె జీతం వచ్చే నెలకి పోతుంది. ఇంటద్దె కట్టాలి, దయచేసి చూడండి అని రాసి, బ్యాంకువాళ్లిచ్చిన కాగితం ఫొటో కూడా పెట్టింది. అంకె అంకె సరిచూశాను. తేడా లేదు.

మా టీము లీడ్‌కి ఫోన్ చేశాను.

"చెక్ ఫెయిలయిందంటే నంబరు తప్పేనండీ. కాగితంలోనే అచ్చుతప్పు ఉండొచ్చు. టికెట్ క్లోజ్ చేసేయండి" అన్నాడు.

మామూలుగా అయితే ఆ మాట నిజమే. యూరప్ ఖాతా నంబర్ల కట్టుబాటే అంత. ముందున్న నాలుగింటిని, అంటే దేశం గుర్తుగా ఉన్న రెండక్షరాల్నీ, పక్కనున్న రెండు తనిఖీ అంకెల్నీ తీసి చివర్లో పెట్టాలి. అక్షరాల్ని అంకెలు చేయాలి. ఏ అంటే పది, బి అంటే పదకొండు, అలా పోతే స్పెయిన్ గుర్తయిన ఈ, ఎస్‌లకి పద్నాలుగు, ఇరవై ఎనిమిది. అప్పుడు ఇరవై ఆరంకెల సంఖ్య తయారవుతుంది. దాన్ని తొంభై ఏడుతో భాగిస్తే ఒకటి మిగలాలి. ఒక్క అంకె తప్పినా మిగలదు. మా తెరకి యాభై నాలుగు మిగిలింది.

అయినా నాకు మొండితనం వచ్చింది. తెల్లకాగితం తీసుకుని, బళ్లో చేసినట్టు ఒక్కో అంకె కిందికి దించుకుంటూ భాగహారం మొదలుపెట్టాను. కింది వాటాలో ఉండే ఇంటావిడ, నేను పిన్నీ అని పిలుస్తాను, ఆరేసిన బట్టలు తీసుకోవడానికి పైకొచ్చి గుమ్మంలోంచి తొంగిచూసింది.

"ఏందమ్మాయ్, ఇంత కంప్యూటర్ పెట్టుకుని చేత్తో లెక్కలేందే?"

"కంప్యూటర్ మీద నమ్మకం పోయింది పిన్నీ."

"చానా బాగుంది. దానికేగా నీకు జీతమిచ్చేది" అని నవ్వుకుంటూ దిగిపోయింది. ఆ కాస్త మాటకే నాకు ప్రాణం లేచొచ్చింది.

భాగహారం అయ్యేసరికి ఒకటి మిగిలింది. మళ్లీ చేశాను. ఒకటే.

అంటే నంబరు సరైందే, తప్పు మాదే. అంత పెద్ద సంఖ్యని ఒక్కసారిగా పట్టుకోలేదని మా ప్రోగ్రాం దాన్ని ముక్కలు చేస్తుంది. ముందు తొమ్మిది అంకెల్ని భాగించి, మిగిలినదాన్ని తర్వాతి ఏడంకెల ముందు అతికించి మళ్లీ భాగిస్తుంది. మొదటి ముక్క దగ్గర నా లెక్కా దాని లెక్కా కలిశాయి. రెండోదాని దగ్గర విడిపోయాయి. ఆమె నంబర్లో రెండో ముక్క సున్నాతో మొదలవుతోంది. అతికించడానికి ముందే ప్రోగ్రాం ఆ ముక్కని సంఖ్యగా మార్చేస్తోంది. సంఖ్యకి ముందున్న సున్నాకి విలువేముంది, అది కాస్తా రాలిపోతోంది. నేను మాత్రం ఆ సున్నాని కిందికి దించుకున్నాను.

ముక్కని సంఖ్యగా మార్చకుండా రాసినదాన్ని రాసినట్టే అతికించేలా దిద్ది, లీడ్‌కి చూపించాను. దిద్దినదంతా చదివి ఫోన్ చేశాడు. "నిజమేనండీ, ఎక్కించేయండి" అని ఫోన్ పెట్టేశాడు. బాగా పట్టారు అంటాడేమోనని ఫోన్ చెవికే ఆనించుకుని ఉన్నాను. సిగ్గేసింది.

ఐదున్నరకి ఆవిడ నంబరు ఎక్కింది. జీతం ఆ రోజు జాబితాలోకే వెళ్లింది. ఖాతా నంబరున్న కాగితం ఉంచుకోకూడదు గనక నేను లెక్క చేసినదాన్ని ముక్కలు ముక్కలుగా చించేశాను. సమస్య తీరిందని మా యంత్రం ఆమెకి ఎప్పటిలాగే అచ్చు ఉత్తరం పంపి టికెట్ మూసేసింది.

కాసేపటికి ఆమె జవాబొచ్చింది. "ఎవరో ఒక మనిషి నా కాగితం చదివారని తెలుస్తోంది. అద్దె కట్టేస్తాను. మీ పేరేమిటి?"

వేళ్లు వాటంతటవే కీబోర్డు మీదికి వెళ్లాయి. మూసేసిన టికెట్‌కి మా వైపు నుంచి జవాబు వెళ్లదు. రాసే చోటే తెరుచుకోలేదు.

ఎదురుగా ఎవరూ లేరు. అడిగింది కదా అని, నా పేరు పైకే చెప్పాను.